గుడ్‌బైలో దేవుడు, హలోలో కేక

1573 ప్రాంతంలో కేంబ్రిడ్జి పండితుడు గేబ్రియల్ హార్వీ ఒక ఉత్తరం రాస్తూ సరదాగా ఒక లెక్క చెప్పాడు. అవతలివాళ్లు గాలను కొద్దీ ‘గాడ్‌బ్వై’లు పంపారట, దానికి బదులుగా తను అర గాలను ‘హౌడై’లు పంపుతున్నాడట. ‘గుడ్‌బై’ అనే మాటకు మనకు దొరికిన తొలి ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. ఒకే వాక్యంలో ఒక దీవెన, ఒక కుశలప్రశ్న పక్కపక్కనే కూర్చున్నాయి. గాడ్‌బ్వై అంటే ‘దేవుడు మీకు తోడుండుగాక’, హౌడై అంటే ‘ఎలా ఉన్నారు’.

ఈ వాక్యంలో అర్థం కన్నా వ్యాకరణం ఎక్కువ చెబుతుంది. హార్వీ ఆ రెండు మాటలకూ బహువచనం చేర్చాడు, కొలపాత్రలో పోసి కొలిచాడు. నిజంగా దేవుణ్ణి తలుచుకుంటూ పలికే దీవెనను ఎవరూ అలా కొలవరు. అంటే అప్పటికే ఆ పూర్తి వాక్యం అరిగి, ‘వీడ్కోలు’ అన్నంత మామూలు నామవాచకం అయిపోయింది. మాట పుట్టుక అంతకు చాలా ముందే జరిగి ఉండాలని దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఆ అరుగుదలను మెట్టుమెట్టుగా చూడగలగడమే గుడ్‌బై విషయంలో మనకు కలిసొచ్చిన అదృష్టం. మూల వాక్యం ‘గాడ్ బి విత్ యే’. వేగంగా పలికితే ‘విత్’ చివరి హల్లు జారిపోతుంది, ‘బి’లోని అచ్చు నలిగిపోతుంది. షేక్‌స్పియర్ నాటకాల పాత ముద్రణల్లో ఈ నలుగుడు కళ్లకు కనిపిస్తుంది. ఒకచోట ‘గాడ్ బి వై యు’ అని ఉంటుంది, ఇంకోచోట అక్షరాల మధ్య లోపచిహ్నాలు పెట్టి కుదించిన రూపం ఉంటుంది. 1623 నాటి ఫస్ట్ ఫోలియోలో ‘గాడ్ బై యు’ అని కూడా ఉంది. అక్కడి ‘బై’ని ‘కొను’ అనే క్రియ వర్ణక్రమంతోనే అచ్చువేశారు.

ఈ చివరి రూపం మీద పండితుల్లో ఒక వాదం నడిచింది. క్రైస్తవ పరిభాషలో దేవుడు మనిషిని మూల్యం చెల్లించి విడిపించాడని చెబుతారు. కనుక ఇది ‘దేవుడు నిన్ను కొని విడిపించుగాక’ అనే వేరే దీవెన కావచ్చు కదా అన్నది ఆ వాదం. ఆకర్షణీయంగానే ఉంది. కానీ నాటకాల్లో ఆ మాట వచ్చే చోట్లు చూస్తే దాదాపు అన్నీ విడిపోయే సందర్భాలే. అవే సందర్భాల్లో ‘తోడుండుగాక’ అనే రూపం కూడా వాడారు. ఇంగ్లిషు వర్ణక్రమం అప్పటికి స్థిరపడలేదు, చెవికి వినిపించినదాన్ని చేతికి తోచినట్టు రాసేవారు. కాబట్టి ‘కొను’ అనేది రాతలో పడిన వేషమే తప్ప వేరే మూలం కాదనే నిర్ణయానికే ఆధారాల మొగ్గు ఎక్కువ.

‘గాడ్’ పోయి ‘గుడ్’ ఎలా వచ్చిందన్నది రెండో చిక్కు. 1606లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. రంగస్థలం మీద దేవుడి పేరును అపహాస్యంగా వాడితే పది పౌండ్ల జరిమానా. ఆ భయంతోనే గాడ్ కాస్తా గుడ్ అయిందని చెప్పడానికి నోరు ఊరుతుంది. అయితే ఆ చట్టం నాటక ప్రదర్శనకు సంబంధించినది, ఇంటి గుమ్మంలో నిలబడి వీడ్కోలు చెప్పుకునేవాళ్ల జోలికి అది పోలేదు. పైగా చట్టం వచ్చిన పదిహేడేళ్ల తరువాత అచ్చయిన ఫోలియోలో దేవుడి పేరున్న రూపం ఇంకా నిలిచే ఉంది. అంతకన్నా బలమైన కారణం పక్కింట్లోనే ఉంది. ‘గుడ్ డే’, ‘గుడ్ నైట్’, ‘గుడ్ మారో’ అంటూ కలిసినప్పుడూ విడిపోయేటప్పుడూ జనం వాడే మాటలన్నీ ‘గుడ్’తోనే మొదలయ్యేవి. వాటి సావాసంలో ఇది కూడా ఆ వరసలో చేరిపోయిందని నిఘంటుకారులు చెప్పేది నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. లోపల ఉన్న దేవుణ్ణి జనం అప్పటికే మరిచిపోయి ఉండకపోతే ఆ మార్పు అంత తేలిగ్గా జరిగేది కాదు.

హలో దగ్గరికి వచ్చేసరికి ఇలాంటి గొలుసు దొరకదు. ఆరోగ్యాన్ని కోరే దీవెనే అరిగి హలో అయిందనే మాట చాలాచోట్ల కనిపిస్తుంది. దీనికి మూలం పాత ఇంగ్లిషులోని ‘వెస్ హాల్’ అనే పలకరింపు. ‘క్షతం లేకుండా, ఆరోగ్యంగా ఉండు’ అని దాని అర్థం. బేవుల్ఫ్ కావ్యంలో వీరుడు రాజును పలకరించేది ఇలాగే. 12వ శతాబ్దంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ రాసిన బ్రిటన్ రాజుల చరిత్రలో రోవెనా అనే యువతి పానపాత్ర అందిస్తూ రాజుకు ఇదే దీవెన పలుకుతుంది. ఆ మాట తరువాత ‘వాసెయిల్’గా మారి క్రిస్మస్ రోజుల్లో తాగే పానీయానికి పేరయింది. ‘హెయిల్’ అనే పలకరింపు, ‘హెల్త్’, ‘హోల్’ అనే మాటలు ఒకే వేరు నుంచి వచ్చినవే. ఇంతవరకూ గట్టి నేలే.

కానీ ఆ నేల మీంచి హలో దాకా వంతెన లేదు. హలో అచ్చులో కనిపించేది 1826 ప్రాంతంలో, అమెరికా పత్రికల్లో. దానికి ముందు ఉన్నవి హాలో, హొలో, హొలా వంటి కేకలు. వేటలో కుక్కల్ని ఉసిగొల్పడానికి, దూరంగా ఉన్నవాణ్ణి ఆపడానికి, ఆశ్చర్యం ప్రకటించడానికి వాటిని వాడేవారు. పాత జర్మన్‌లో ఏటి అవతల ఉన్న పడవవాణ్ణి పిలిచే కేక కూడా ఈ కుటుంబానిదే కావచ్చునని నిఘంటువులు సూచిస్తాయి. ఈ రూపాల్లో ఏ ఒక్కదానిలోనూ ‘ఆరోగ్యంగా ఉండు’ అనే భావం లేదు. శబ్దాలు కాస్త దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కుదరదు. మధ్య తరాల రూపాలు కావాలి, అవి వాడిన సందర్భాలు కలవాలి. గుడ్‌బైకి ఆ రెండూ ఉన్నాయి, హలోకి రెండూ లేవు.

ఆ కేక పలకరింపుగా మారడంలో టెలిఫోను పాత్రకు మాత్రం కాగితం మీద సాక్ష్యం ఉంది. 1877 ఆగస్టు 15న థామస్ ఎడిసన్ పిట్స్‌బర్గ్‌లోని ఒక టెలిగ్రాఫ్ కంపెనీ అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. పిలుపు గంట అక్కరలేదని, ‘హలో’ అంటే 10 నుంచి 20 అడుగుల దూరం దాకా వినిపిస్తుందని అందులో ఉంది. అప్పటి ఊహలో టెలిఫోను అంటే ఎప్పుడూ తెరిచి ఉండే తీగ. అవతలి గదిలో ఎవరో తమ పనిలో ఉంటారు, వాళ్ల దృష్టి ఇటు తిప్పాలి. అందుకు కావలసింది దీవెన కాదు, కేక. అలెగ్జాండర్ గ్రాహం బెల్ కూడా నావికుల కేక ‘అహోయ్’నే కోరుకున్నాడు. చివరికి హలో గెలిచింది. 1889లో మార్క్ ట్వైన్ రాసిన ఒక నవలలో పాపకు ‘హలో సెంట్రల్’ అని పేరు పెట్టే ఘట్టం ఉంది. ఎక్స్‌చేంజి ఆపరేటర్‌ను పిలిచే ఆ మాట అప్పటికి అంతగా ఇళ్లలోకి వచ్చేసిందన్నమాట.

హలో అనేది బెల్ ప్రియురాలు మార్గరెట్ హలో పేరని తెలుగువాళ్ల ఫోన్లలో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. బెల్ 1877లో పెళ్లాడింది మేబెల్ హబ్బర్డ్‌ను. అంతకన్నా ముఖ్యంగా, ఆయన పుట్టింది 1847లో. ఆయన పుట్టకముందు ఇరవై ఏళ్లకే ఆ మాట పత్రికలో ఉంది. తేదీలు రెండు పక్కపక్కన పెడితే కథ నిలవదు.

క్షేమం అడగడమే పలకరింపుగా మారిన దారికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం రోమన్ల ఉత్తరాల్లో ఉంది. లాటిన్‌లో కలిసినప్పుడు ‘సాల్వే’, విడిపోతే ‘వాలే’. మొదటిది క్షేమంగా ఉండమనడం, రెండోది బలంగా, ఆరోగ్యంగా ఉండమనడం. ఉత్తరం మొదట్లో ‘నువ్వు క్షేమమైతే మంచిది, నేను క్షేమం’ అని రాసే ఆచారం ఉండేది. అది ఎంత అలవాటైందంటే, ఒక్కో మాటకు మొదటి అక్షరం చొప్పున ఆరు అక్షరాలు రాసి ఊరుకునేవారు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో సెనెకా తన మిత్రుడికి రాస్తూ, ఈ వాక్యం పూర్వీకుల ఆచారమని, తన కాలం దాకా నిలిచిందని ప్రస్తావించాడు.

మన ఇళ్లలో పాత కార్డుముక్కలు దాచుకున్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ‘ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను’ అని మొదలయ్యేవి మన ఉత్తరాలు. కొందరు ఆ రెండు వాక్యాలనూ ‘ఉభయకుశలోపరి’ అనే ఒక్క మాటలోకి కుదించేవారు. ఇరుపక్షాల కుశలం చెప్పుకున్నాక అసలు సంగతి అని దాని భావం. రోమన్ల నుంచి మనం నేర్చుకున్నామనడానికి ఏ ఆధారమూ లేదు. దూరాన ఉన్నవాడి ప్రాణానికి పూచీ లేని రోజుల్లో, ఉత్తరం అందడానికే వారాలు పట్టే రోజుల్లో, ఎవరికైనా మొదట తోచే సంగతి ఇదే.

కుశలప్రశ్న అందరికీ ఒకేలా ఉండేదని మాత్రం అనుకోకూడదు. మనుస్మృతి రెండో అధ్యాయంలో బ్రాహ్మణుణ్ణి కుశలం, క్షత్రియుణ్ణి అనామయం, వైశ్యుణ్ణి క్షేమం, శూద్రుణ్ణి ఆరోగ్యం అడగాలని ఉంది. నాలుగు మాటలకూ అర్థం దాదాపు ఒకటే, ఎవరికి ఏది అన్నదే తేడా. జనం నిజంగా అలాగే మాట్లాడుకున్నారని ఈ శ్లోకం రుజువు చేయదు. కానీ పలకరింపు ఆరోగ్యాన్ని విచారించడంతో పాటు ఎదుటివాడి స్థానాన్ని కూడా నిర్ణయించాలని కోరుకున్నవాళ్లు ఉన్నారని రుజువు చేస్తుంది. ఆరోగ్యం అడగడంలోనూ అంతస్తు చూసుకున్న ఈ నియమం బాధ కలిగిస్తుంది.

ఒక పలకరింపులో పాత అర్థం ఇంకా బతికి ఉందా, లేక చచ్చిపోయిందా అని తేల్చడానికి వ్యుత్పత్తి చాలదు. ఆ మాటను ఎక్కడ వాడకుండా ఆపుకుంటారో చూడాలి. నాస్తికుడు గుడ్‌బై అనడానికి తటపటాయించడు. శవం లేచిన ఇంటి నుంచి వచ్చేటప్పుడు కూడా ఇంగ్లిషువాళ్లు ఆ మాట చెప్పుకుంటారు. దానిలోని దేవుడు పూర్తిగా వెళ్లిపోయాడనడానికి ఇదే గుర్తు.

తెలుగులో ‘వెళ్లొస్తాను’ అలా కాదు. గుమ్మం దాటుతూ ‘వెళ్తాను’ అంటే పెద్దలు ఊరుకోరు, ‘వెళ్లొస్తాననాలి’ అని సరిదిద్దుతారు. అదే మనిషి పరామర్శకు వెళ్లిన ఇంటి నుంచి లేచేటప్పుడు ఆ మాట గొంతు దాకా వచ్చినా మింగేస్తాడు. అలాంటి ఇంటికి మళ్లీ వస్తాననడం అపశకునమని భావిస్తాడు కనుక, చెప్పకుండానే కదులుతాడు. ఆ ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు ‘బాగున్నారా’ అని కూడా ఎవరూ అడగరు. మామూలు రోజుల్లో జవాబు కోసం ఆగకుండా విసిరేసే ప్రశ్న అక్కడ నోట రాదు. నిత్యవాడుకలో సగం అరిగినట్టు కనిపించే ఈ రెండు మాటల్లో అసలు అర్థం చెక్కుచెదరలేదని ఆ ఇంటి గుమ్మం దగ్గర తెలుస్తుంది.