ఎర్తు గుంతలో నీళ్లు పోసినా ఓమ్‌లు ఎందుకు తగ్గవు?

మన పాత ఇళ్లలో ఎర్తు అంటే ఎక్కువగా ఒకటే పద్ధతి. రెండున్నర మీటర్ల జీఐ పైపును నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, పైన మూత పెడతారు. ఎర్త్ టెస్టర్‌తో కొలిచినప్పుడు దాని నిరోధం ఏటేటా పెరుగుతోందని తెలిస్తే, వెంటనే గుంతలో రెండు బిందెల నీళ్లు పోస్తారు. నీళ్లు ఒక్క జబ్బుకే మందు.

ఆ జబ్బు నేల ఎండిపోవడం. బళ్లారిలో మాది నల్లరేగడి. ఎండాకాలంలో అది బీటలు వారి పైపును వదిలేస్తుంది, వానలు పడగానే మళ్లీ పట్టుకుంటుంది. అందుకే మే నెల కొలతను మే నెల కొలతతోనే పోల్చాలి.

మా సంఘ భవనం పుస్తకంలో మొదటి ఏడాది మేలో 6 ఓమ్‌లు, సెప్టెంబరులో 3.5 అని ఉంది. కొన్నేళ్లకు మేలో 14, సెప్టెంబరులో 11.5 అయింది. ఎండకూ వానకూ తేడా రెండుసార్లూ 2.5 ఓమ్‌లే. అంటే నేల ఎప్పటిలాగే ఉంది, దాని మీద ఏ కాలంలోనూ కదలని 8 ఓమ్‌లు కొత్తగా వచ్చి కూర్చున్నాయి.

తరువాతి మే నెలలో మా ఎలక్ట్రీషియన్ మెయిన్ స్విచ్ ఆపి, గుంత దగ్గర ఎర్తు తీగ విప్పి, పైపును ఒంటరిగా కొలిచారు. 6 ఓమ్‌లు. తప్పు పైపుది కాదు, తీగ బిగించిన బోల్టుది. రాగి తీగను నేరుగా జీఐ పైపుకు బిగించారు. తడి తగిలితే రెండు లోహాల మధ్య జింకు కరిగిపోతుంది. బోల్టు కింద తెల్లటి పొడి పేరుకుంది. గీకి శుభ్రం చేసి, తగరం పూత పూసిన లగ్ వేసి, కొత్త బోల్టుతో బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాశాక మొత్తం 6.2 వచ్చింది.

పైపు ఒంటరిగానే ఎక్కువ చూపించి, వానలకు కూడా పాత అంకెకు దిగకపోతే తుప్పును అనుమానించాలి. నేల మట్టానికి ఒక అడుగు లోతు తవ్వి గీకి చూస్తే చాలావరకు తెలుస్తుంది. నిరోధం తగ్గించడానికి వేసిన ఉప్పే పైపును తింటుంది. కాబట్టి ఏటా ఉప్పు పోసే అలవాటు మాకు నచ్చదు. పైపు పలచబడితే కొత్తది పాతడమే.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఇంటికి సొంత ఎర్తు ఒక్కటే ఆధారమైన చోట 14 ఓమ్‌ల గుండా 230 వోల్టులు తోసేది సుమారు 16 ఆంపియర్లే. 32 ఆంపియర్ల ఫ్యూజు దానికి ఎగిరిపోదు, మోటారు ఒంటికి కరెంటు అలాగే ఉంటుంది. ఆ మాటకొస్తే 6 ఓమ్‌లకు వచ్చే 38 ఆంపియర్లకు కూడా ఫ్యూజు వెంటనే పోదు. అందుకే బోల్టు బాగుచేసిన రోజే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం.