ఫోన్‌లో మళ్లీ మూకీలు

వేలితో తెరను పైకి తోస్తూ పోతుంటే వీడియోలు వాటంతటవే కదలడం ఫేస్‌బుక్‌లో 2013లో మొదలైంది. ఏడాది చివరికల్లా ప్రకటనలూ ఆ వరసలో చేరాయి. అడక్కుండా ఆడే వీడియో బస్సులోనో ఆఫీసులోనో అరిస్తే చూసేవాడి పరువు పోతుంది. అందుకే శబ్దం కట్టేసి వదిలారు. దాంతో చిక్కు ప్రకటనలు తీసేవాళ్లకొచ్చింది. టీవీ కోసం తీసిన 30 సెకన్ల ముక్కను తెచ్చి పెడితే జింగిల్ వినపడదు, ఆఖర్న వచ్చే బ్రాండు పేరు దాకా ఎవరూ ఆగరు.

విరుగుడు కొత్తదేమీ కాదు. వినికిడి లేనివారి కోసం అమెరికాలో బోస్టన్ టీవీ స్టేషన్ డబ్ల్యూజీబీహెచ్ 1972లోనే ఒక వంటల కార్యక్రమానికి క్యాప్షన్లు వేసింది. 2016లో ఫేస్‌బుక్ ప్రకటనలకు క్యాప్షన్లు తనే తయారుచేసిపెట్టే ఏర్పాటు తెచ్చింది. అవి ఉంటే జనం సగటున 12 శాతం ఎక్కువసేపు చూశారని చెప్పుకుంది. సరుకు అమ్మేవాడి లెక్క కదా, కాస్త తగ్గించుకునే వినాలి. మరుసటి ఏడాది ఫీడ్‌లో శబ్దం తెరిచింది. అయినా ఫోను సైలెంట్‌లో ఉంటే వీడియో మూగదే.

ప్రకటనల రూపం మార్చిన రెండోది నిలువు చట్రం. దాని పుట్టిల్లు వేరు. ఫోను నిలువుగా పట్టి వీడియో తీసేవాళ్లను ఎగతాళి చేసే రోజుల్లో, 2015లో, స్నాప్‌చాట్ తెర నిండే నిలువు ప్రకటనలను అమ్మకానికి పెట్టింది. నిలువే మేలన్న వాదనకు బలం లెక్కలోనే ఉంది. 1080 పిక్సెళ్ల వెడల్పు, 1920 ఎత్తు ఉన్న తెర మీద టీవీ బొమ్మ పెడితే దాని ఎత్తు 607 పిక్సెళ్లే. మూడింట రెండొంతులకు పైగా తెర వృథా. 2016లో ఇన్‌స్టాగ్రామ్ స్టోరీస్ వచ్చాక నిలువుదే రాజ్యం.

ఈ రెండు దారులూ కలిసిన చోటే గొడవ. చీరల దుకాణం ప్రకటన అనుకోండి. ‘రెండో చీర సగం ధరకే’ అన్న క్యాప్షన్‌ను ఎడిటరు సినిమా అలవాటుకొద్దీ అడుగున పెడతాడు. స్టోరీస్‌లో అడుగు 340 పిక్సెళ్లు, పైన 250 పిక్సెళ్లు బటన్లకూ ఖాతా పేరుకూ పోతాయి. రీల్స్‌లోనైతే అడుగున మూడో వంతుకు పైగానే వదలాలి. ఎడిటింగ్ టేబుల్ మీద శుభ్రంగా కనిపించిన ఆఫరు, ఫోన్‌లో కొనుగోలు బటన్ కింద దాక్కుంటుంది. దాన్ని తెర నడిమికి, చీర అంచును మూయకుండా ఎత్తాలి.

తెలుగుకు ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడే వరుసల ఎడమే ఉంచితే పై వరుస వత్తులు కింది వరుస గుడి దీర్ఘాల మీద పడతాయి. అక్షరాల వెనక వేసే నల్లపట్టీ ఒక్కోసారి వత్తును సగానికి కోసేస్తుంది. అందుకే ఒకసారికి రెండు వరుసలు మించకూడదు, ఎడం కాస్త ఎక్కువుండాలి. ఎగుమతి చేశాక మామూలు ఫోన్‌లో శబ్దం ఆపి, ఆ ప్రకటన ఎరగని మనిషి చేతికివ్వాలి. ఏం అమ్ముతున్నారో, ఎంతకో అతను చెప్పలేకపోతే టైమ్‌లైన్ మళ్లీ తెరవాల్సిందే.