కామన్ సైజ్, ట్రెండ్ విశ్లేషణ: సింగరేణి లెక్కల్లో

కామన్ సైజ్ విశ్లేషణలో లాభనష్టాల ఖాతాలోని ప్రతి పద్దునూ ఆ ఏటి అమ్మకాల్లో శాతంగా చూస్తారు. అమ్మకం వంద రూపాయలైతే అందులో జీతాలకు ఎంత పోయింది, కాంట్రాక్టర్లకు ఎంత పోయింది, చేతిలో ఎంత మిగిలింది అన్నది దీనితో తెలుస్తుంది. ట్రెండ్ విశ్లేషణ ఇంకో వైపు నుంచి వస్తుంది. ఒక ఏడాదిని 100గా పెట్టుకుని, అదే పద్దు తర్వాతి ఏళ్లలో ఎంతకు చేరిందో చూస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడానికి ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో సింగరేణిని మించిన ఉదాహరణ దొరకదు. రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల్లో కంపెనీ లాభం ఎంతన్నది ఇంటింటి విషయం. కార్మికుల లాభాల వాటా తేలేది ఆ అంకె మీదే.

2018-19లో సింగరేణి లాభం సుమారు 1,765 కోట్లు. దాన్ని 100 అనుకుంటే 2019-20లో 994 కోట్లతో 56కు, 2020-21లో 273 కోట్లతో 15కు పడిపోయింది. 2021-22లో 1,227 కోట్లతో 70కి లేచి, 2022-23లో 2,222 కోట్లతో 126కు చేరింది.

ఇప్పుడు బొగ్గు ఉత్పత్తిని కూడా ఇలాగే చూడాలి. 2018-19లో దాదాపు 644 లక్షల టన్నులు తీశారు. కోవిడ్ దెబ్బకు బొగ్గు గిరాకీ పడిపోయిన 2020-21లో అది 506 లక్షల టన్నులకు, అంటే 79కి తగ్గింది. బొగ్గు ఐదో వంతు తగ్గితే లాభం ఆరో వంతుకు కుంగిపోయింది. 2019-20లో ఉత్పత్తి దాదాపు అంతే ఉన్నా లాభం 56కు దిగింది కాబట్టి, మొత్తం పతనాన్ని ఉత్పత్తి మీదికే నెట్టలేం. అయినా ఆ తర్వాతి ఏడాది దెబ్బలో పెద్ద భాగానికి కారణం ఖర్చుల స్వభావంలోనే ఉంది.

ఊహా లెక్క ఒకటి వేసి చూద్దాం. ఒక బొగ్గు కంపెనీ అమ్మకాలు 1,000 కోట్లు. జీతాలు 300, బొగ్గు మీది మట్టిని తొలగించే ఓబీ కాంట్రాక్టులు 250, మిగతా ఖర్చులు 300, లాభం 150. మరుసటి ఏడాది అమ్మకాలు 800 కోట్లకు తగ్గాయి. ఓబీ ఖర్చు 200కు, మిగతావి 240కి తగ్గాయి. జీతాలు మాత్రం 300 దగ్గరే ఉన్నాయి, ఎందుకంటే బాయి ఆగినా పర్మినెంట్ కార్మికుడి జీతం ఆగదు. లాభం 60కి వచ్చింది. అమ్మకాలు 20 శాతం తగ్గితే లాభం 60 శాతం పోయింది.

కామన్ సైజ్ పట్టికలో జీతాల వాటా 30 శాతం నుంచి 37.5 శాతానికి పెరిగినట్టు కనబడుతుంది. ఆ ఒక్క అంకె చూసి జీతాలు పెరిగిపోయాయని రాసేవారు తప్పుదారి పడతారు. ట్రెండ్ పట్టికలో జీతాలు 100 దగ్గరే కదలకుండా ఉంటాయి, పడిపోయింది అమ్మకాలు. శాతం మారినప్పుడల్లా పైనున్న అంకె కదిలిందా, కింద భాగించే అమ్మకాలు కదిలాయా అని ముందు తేల్చుకోవాలి. జీతాల బరువు ఎక్కువగా ఉండే భూగర్భ గనుల్లో ఈ తేడా ఇంకా గట్టిగా కనబడుతుంది. ఓపెన్ కాస్టులో పెద్ద ఖర్చు ఓబీ. అది పని జరిగిన కొలతను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది.

ఆధార సంవత్సరం ఎంపిక కూడా బొమ్మను మార్చేస్తుంది. అదే సింగరేణి లాభానికి 2020-21ని 100గా తీసుకుంటే 2022-23 అంకె 126 కాదు, 814 అవుతుంది. రెండు లెక్కలూ సరైనవే, కానీ కోవిడ్ ఏడాదిని కొలబద్దగా పెట్టుకుంటే మామూలు కోలుకోవడం కూడా అద్భుతంగా కనబడుతుంది.

మార్జిన్ సంగతికొస్తే, 2021-22లో బొగ్గు, విద్యుత్తు కలిపి టర్నోవర్ దాదాపు 26,600 కోట్లు, 2022-23లో దాదాపు 32,800 కోట్లు. వంద రూపాయల అమ్మకానికి లాభం సుమారు 4.60 నుంచి 6.80కి పెరిగిందన్నమాట. ఉత్పత్తి పెరిగింది మూడు శాతమే, 650 నుంచి 671 లక్షల టన్నులకు. కాబట్టి టర్నోవర్‌లో వచ్చిన పెరుగుదలలో ఎక్కువ భాగం టన్నుల వల్ల వచ్చింది కాదు. అది ఎక్కడిదో తెలియాలంటే బొగ్గును, జైపూర్ విద్యుత్ కేంద్రాన్ని విడదీసి చూపే సెగ్మెంట్ నోట్ దగ్గరికి వెళ్లాలి.

ఇక ఏ లాభాన్ని వరుసలో పెట్టాలన్నది కూడా తేల్చుకోవాలి. 2023-24కు ప్రకటించిన లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు విస్తరణకు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికుల వాటాగా ఇచ్చారు. అంతకు ముందు ఏడాది 711 కోట్ల వాటాను 2,222 కోట్ల మీద 32 శాతంగా లెక్కకట్టారు. 2018-19 ఆధారంగా 4,701ని పెడితే సూచీ 266, 2,412ని పెడితే 137.