ఎల్లారెడ్డికి, లింగంపేటకు, పోచారానికి

కామారెడ్డి జిల్లా మ్యాపు తీసి నాలుగైదు ఊళ్ల పేర్లు రాసుకోండి. ఎల్లారెడ్డి, లింగంపేట, తాడ్వాయి, పోచారం, నిజాంసాగర్. ఒక్కోదాని తర్వాత 'వెళ్లాలి' అని చేర్చి పైకి చదవండి. ఎల్లారెడ్డికి వెళ్లాలి, లింగంపేటకు వెళ్లాలి, తాడ్వాయికి వెళ్లాలి, పోచారానికి వెళ్లాలి, నిజాంసాగర్‌కు వెళ్లాలి. అర్థం ఒక్కటే, విభక్తీ ఒక్కటే. అయినా ఒకచోట 'కి', ఒకచోట 'కు', ఒకచోట ఏకంగా 'ఆనికి'. తెలుగు మాట్లాడుతూ పెరిగినవాళ్లకు ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. ఎందుకలా అని అడిగితే మాత్రం బడిలో నేర్చుకున్న విభక్తుల పట్టిక అక్కరకు రాదు.

ఆ పట్టిక మనందరికీ కంఠతా వచ్చు. డు-ము-వు-లు ప్రథమ, చేత-తోడ తృతీయ, వలన-కంటె పంచమి. 19వ శతాబ్దం మధ్యలో పరవస్తు చిన్నయసూరి 'బాలవ్యాకరణం'లో పెట్టిన అమరికే కొద్ది మార్పులతో నేటి పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది. గళ్లు మాత్రం అంతకన్నా పాతవి, సంస్కృతానివి. సంస్కృతంలో నామానికి ఏడు విభక్తులు కాబట్టి తెలుగు ప్రత్యయాలనూ ఏడు గళ్లలో సర్దారు. ఆ సర్దుబాటు ఎలా ఉంటుందో చూడాలంటే 'కి, కు' ఏ గడిలో ఉన్నాయో వెతకండి. 'రాముడికి ఇచ్చాను' అనే వాక్యాన్ని సంస్కృతంలో చెబితే రాముడు చతుర్థిలో ఉంటాడు. మన పట్టికలో చతుర్థి గడి కొరకు, కై అనే మాటలది. కి, కు షష్ఠిలో 'యొక్క' పక్కన కూచున్నాయి. అంటే ఈ పట్టిక ప్రత్యయాలకు పేర్లు పెడుతుందేగానీ ఏది ఎక్కడ ఎందుకు వస్తుందో చెప్పదు.

అలాగని సూరికి ఆ సంగతి తెలియదనుకోవద్దు. బాలవ్యాకరణంలోనే 'ఔపవిభక్తికాలు' అని ఒక విషయం ఉంది. ద్వితీయ మొదలైన విభక్తులు వచ్చేటప్పుడు కొన్ని మాటల చివర ఇ, టి, తి అనేవి చేరతాయని అందులో చెప్పాడు. ఊరు ఊరి అవుతుంది, ఇల్లు ఇంటి అవుతుంది, గొయ్యి గోతి అవుతుంది. ప్రత్యయం వచ్చి చేరేది ఈ మారిన రూపానికి. అందుకే ఊరికి, ఇంటికి, గోతిలో. బడిలో చివరికి మిగిలింది పట్టిక. దాన్ని నడిపించే ఈ సూత్రం జారిపోయింది. 'ఇల్లుకు', 'ఊరులో' లాంటి రాతలు కనిపిస్తే అక్కడ తప్పు ప్రత్యయంలో లేదు. 'కు' సరైనదే, 'లో' సరైనదే. వాటి కింద ఉండాల్సిన రూపం లేదు.

ఇది తెలుగు ఒక్కదాని అలవాటూ కాదు. తమిళంలో ఇంటిని 'వీడు' అంటారు, ఇంటికి అనాలంటే 'వీట్టుక్కు'. చెట్టు 'మరం', చెట్టుకు అంటే 'మరత్తుక్కు'. ప్రత్యయానికి ముందు నామం రూపు మార్చుకోవడం ద్రావిడ భాషల్లో పాత పద్ధతి. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాస్తూ ఈ మధ్య రూపాలను ప్రత్యేకంగా చర్చించాడు. 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం కూడా నామాన్ని ఈ వైపు నుంచే చూస్తుంది. ముందు మారిన రూపం, దాని మీద ప్రత్యయం.

మరి ఒక మాటకు ఆ రూపం ఏమిటో ఎలా తెలుసుకోవాలి? ఒక సులువైన పరీక్ష ఉంది. నామం పక్కన 'పేరు' అనే మాట పెట్టి చదవండి. ఇంటి పేరు అంటాం, ఇల్లు పేరు అనం. ఊరి పేరు అంటాం, ఊరు పేరు అనం. చెరువు పేరు, బావి పేరు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. 'పేరు'కు ముందు నోట్లోంచి ఏ రూపం వచ్చిందో ప్రత్యయం చేరేది దానికే. అందుకే ఇంటికి, ఊరికి, చెరువుకు, బావికి. ఇది పనిచేయడానికి కారణం, తెలుగులో సంబంధం చెప్పడానికి అసలు ప్రత్యయమే అక్కర్లేదు. మారిన రూపం ఒక్కటీ చాలు. 'ఊరి పొలం' అన్నాక 'ఊరు యొక్క పొలం' అనాల్సిన పని లేదు. 'యొక్క' అనువాదాల్లో తరచుగా ఎదురవుతుంది, ఇంట్లో మాత్రం దాదాపు వినపడదు.

రూపం దొరికాక దాని చివరి అచ్చు చూడాలి. పొట్టి 'ఇ' ఉంటే కి, వేరే ఏది ఉన్నా కు. ఎల్లారెడ్డి పేరు, చివర ఇ, కాబట్టి ఎల్లారెడ్డికి. లింగంపేట పేరు, చివర అ, కాబట్టి లింగంపేటకు. ద్వితీయలో ని, ను కూడా ఇదే లెక్కన నడుస్తాయి: ఎల్లారెడ్డిని, లింగంపేటను. రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఎల్లారెడ్డిపేట అని ఇంకో ఊరుంది. పేరులో 'పేట' చేరగానే 'కి' పోయి 'కు' వస్తుంది. ఇతడు, ఆమె, వాళ్లు కూడా దారి తప్పరు. అతని పేరు, అతనికి. ఆమె పేరు, ఆమెకు. వాళ్ల పేరు, వాళ్లకు. బహువచనాల్లో లు పోయి ల మిగులుతుంది కాబట్టి అక్కడ ఎప్పుడూ కు: ఊళ్లకు, ఇండ్లకు. 'నీ పేరు', 'మీ పేరు'లో ఉన్నది దీర్ఘం. అందుకే నీకు, మీకు అంటాం.

ఇక పోచారం. మంజీర ఉపనది మీద కట్టిన జలాశయం వల్ల ఈ పేరు ఎల్లారెడ్డి చుట్టుపక్కల అందరికీ తెలుసు. పోచారం పేరు అంటాం, రూపం మారలేదు. ఆ లెక్కన 'పోచారంకు' రావాలి కదా? సున్నాతో ముగిసే మాటలకు ఇంకో మెట్టు ఉంది. లో, తో వచ్చినప్పుడు సున్నా అలాగే ఉంటుంది: పోచారంలో, పుస్తకంతో. కి గానీ ని గానీ వస్తే సున్నా పోయి దీర్ఘం వస్తుంది, మధ్యలో ఒక 'ని' దూరుతుంది: పోచారానికి, పుస్తకానికి, పుస్తకాన్ని. ఆ 'ని'లో ఇ ఉంది కాబట్టి కి. మాటల్లో 'పోచారంకు' కూడా వినపడుతుంది, రాతలో మాత్రం 'పోచారానికి' స్థిరపడింది. మనుషుల పేర్ల దగ్గర లెక్క తిరగబడుతుంది. సత్యం అనే మిత్రుడికి ఉత్తరం రాస్తే 'సత్యంకు రాశాను' అనాలి. 'సత్యానికి' అంటే నిజానికి రాసినట్టవుతుంది.

పేర్లు ఇలా మొండికేయడం ఇంకోచోటా కనిపిస్తుంది. చేయి చేతి అవుతుంది, కానీ తాడ్వాయి తాడ్వాతి కాదు. ఊరు ఊరికి అవుతుంది, కానీ భిక్కనూరుకు అనే ఎక్కువమంది అంటారు. ఊళ్ల పేర్లలో ఈ పాత మార్పు చాలావరకు తగ్గిపోయింది. ఇంటిపేర్లలో మాత్రం అది గడ్డకట్టి ఉంది. నెల్లూరి, ఏలూరి అనే ఇంటిపేర్ల చివరి 'ఇ' ఒకప్పటి షష్ఠి రూపమే. ఇక హల్లుతో ముగిసే నిజాంసాగర్, జుక్కల్ లాంటి పేర్లకు రాతలో కు చేరుస్తారు, మాటల్లో కి కూడా వస్తుంది. కోస్తా వైపు చాలామంది 'బస్సుకి', 'చెరువుకి' అని అన్నిటికీ కి వాడతారు. దాన్ని తప్పనలేం, అది వాళ్ల మాట తీరు. తప్పు అనదగ్గది 'ఎల్లారెడ్డికు' లాంటిది. అది ఏ ప్రాంతం వాళ్ల నోటా రాదు.

ఎల్లారెడ్డి, కామారెడ్డి మనుషుల పేర్లలా ఉన్న ఊళ్లు. ఇక్కడ ప్రత్యయం ఇంకో పని కూడా చేస్తుంది. 'ఎల్లారెడ్డికి పోయిన' అంటే ఊరు. మనిషి అయితే 'ఎల్లారెడ్డి దగ్గరికి పోయిన' అనాలి. 'ఎల్లారెడ్డిల ఉన్నడు' అంటే ఊరు తప్ప ఇంకోటి కాదు. 'ఎల్లారెడ్డికి చెప్పిన' అంటే మనిషి. ఊరైతే 'ఎల్లారెడ్డి చూసిన' అని ని లేకుండా వదిలేయొచ్చు, మనిషిని మాత్రం 'ఎల్లారెడ్డిని' చూడాల్సిందే. అంటే సరైన ప్రత్యయం తేల్చాలంటే మాట చివరి అక్షరమే చాలదు, ఆ మాట ఎవరిదో, దేనిదో కూడా తెలియాలి.

ఇదే ప్రాంతంలో మరో ప్రత్యయం ఉంది, పాఠ్యపుస్తకంలో దొరకదు. 'కామారెడ్డికెల్లి అచ్చిన' అని ఒకరంటే, విజయవాడలో పెరిగిన చెవికి 'కామారెడ్డికి వెళ్లి వచ్చాను' అని వినపడొచ్చు. చెప్పినవారి ఉద్దేశం 'కామారెడ్డి నుంచి వచ్చాను'. ఒకరికి చేరిన ఊరు ఇంకొకరికి బయల్దేరిన ఊరు. తెలంగాణలో 'కెల్లి' పంచమి పని చేస్తుంది, అది కూడా మారిన రూపం మీదే కూచుంటుంది: ఊరికెల్లి, ఇంట్లకెల్లి. సప్తమికి 'ల' ఉంది: ఇంట్ల, ఊర్ల. ఇల్లు ఇక్కడా ఇంటి అయిందనడానికి 'ఇంట్ల'లోని టకారమే సాక్ష్యం. ప్రత్యయాలు ప్రాంతాన్నిబట్టి మారాయి, కింది రూపం మారలేదు.

ఇప్పుడు ఊళ్ల పేర్లను జాబితాలోంచి తీసుకుని వాక్యంలో అతికించే ఫోన్ సందేశాలు, ఫారాలు చూడండి. 'పోచారం కి', 'లింగంపేట కి' అని మధ్యలో ఖాళీతో వస్తాయి. అందులో రెండు తప్పులున్నాయి. తెలుగులో ప్రత్యయం మాటకు అతుక్కునే ఉంటుంది, పైగా ఒకే ప్రత్యయం అన్ని పేర్లకూ సరిపోదు. మన పత్రికలూ కార్యాలయాలూ ఎప్పటినుంచో వాడుతున్న ఉపాయం ఇక్కడ పనికొస్తుంది. 'పోచారం గ్రామానికి', 'లింగంపేట మండలానికి', 'ఎల్లారెడ్డి పట్టణానికి' అని రాస్తే పేరు ఏదైనా దాని జోలికి పోనక్కర్లేదు. ప్రత్యయం భారం గ్రామం మీదో మండలం మీదో పడుతుంది, వాటి రూపం మనకు ముందే తెలుసు. కాస్త సర్కారు వాసన వస్తుంది, అంతే. ఆ వాసన వద్దనుకునేవాళ్లు పేరు తర్వాత 'పేరు' అని ఒకసారి చదువుకుని, చివర సున్నా ఉందా, ఇ ఉందా చూసుకుంటే సరిపోతుంది.