నడుము నొప్పి, కీళ్ల జబ్బులు: పురుషులలో సంభోగ సమయపు ఇబ్బంది

నడుము నొప్పి, కీళ్లవాతం, దీర్ఘవ్యాధుల వల్ల సంభోగం బాధాకరంగా మారడం పురుషులలో తరచుగా కనిపించే సమస్య. అయినా వైద్యుడి గదిలో ఈ మాట బయటికి రావడం అరుదు. రోగి సిగ్గుపడి అడగడు, వైద్యుడు మొహమాటపడి కదపడు. చివరికి చాలామందికి అందేది ఒకటే సలహా: పక్కకు తిరిగి పడుకుని కలవండి. ఇది కొందరికి మేలు చేస్తుంది, కొందరికి నొప్పి పెంచుతుంది. ఎవరికి ఏది సరిపడుతుందన్నది నొప్పి రకాన్ని బట్టి తేలుతుంది.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో నటాలీ సిడోర్కెవిచ్, స్టువర్ట్ మెక్‌గిల్ ఈ విషయాన్ని కొలిచి చూశారు. పది జంటల శరీరాలకు గుర్తులు అతికించి, కదలికలను కెమెరాలతో నమోదు చేసి, అయిదు భంగిమలలో పురుషుడి వెన్ను ఎంత వంగుతోందో లెక్కగట్టారు. ఆ ఫలితాలు 2014లో ‘స్పైన్’ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ముందుకు వంగితే నొప్పి వచ్చే పురుషులకు, అంతవరకూ అందరూ సురక్షితమనుకున్న పక్కవాటు భంగిమే అన్నిటికన్నా చెడ్డదని అందులో తేలింది. పాల్గొన్నవారు నడుము నొప్పి లేనివారు, సంఖ్య కూడా చిన్నది. కాబట్టి దీన్ని తుది తీర్పుగా కాక దారి చూపే కొలతగా తీసుకోవాలి.

కదలికలో నడుము పదేపదే ముందుకు వంగి, మళ్లీ నిటారవుతుంది. వెన్నుపూసల మధ్య మెత్తలాంటి డిస్కు ఉంటుంది. నడుము ముందుకు వంగినప్పుడు దాని లోపలి గుజ్జు వెనక్కి, అంటే నరాలుండే వైపుకు నెట్టుకుంటుంది. డిస్కు దెబ్బతిన్నవాడికి నొప్పి అక్కడే పుడుతుంది. వయసు మీద పడి వెన్ను కాలువ ఇరుకైనవారిది ఇందుకు వ్యతిరేకం. వెనక్కి వాలితే ఆ కాలువ ఇంకా బిగుసుకుంటుంది, ముందుకు వంగితే సడలుతుంది.

తనది ఏ రకమో మనిషి చాలావరకు తానే గుర్తించవచ్చు. చాలాసేపు కూర్చున్నా, చెప్పులు తొడుక్కోవడానికి వంగినా, దగ్గినా తుమ్మినా నొప్పి పెరిగి, నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంటే అది వంగితే వచ్చే నొప్పి. నిలబడినా, కొంతదూరం నడిచినా, బోర్లా పడుకున్నా నొప్పి పెరిగి, కూర్చోగానే హాయనిపిస్తే అది వెనక్కి వాలితే వచ్చే నొప్పి. రెండు రకాలూ కలిసి ఉన్నవారూ ఉంటారు. వారు ఏ వైపూ అతిగా వంచకుండా నడుమును మధ్యస్థంగా నిలుపుకోవాలి.

మొదటి రకానికి ఒక ఊహా ఉదాహరణ. నలభై అయిదేళ్ల లారీ డ్రైవరుకు నడుము నుంచి ఎడమ పిక్క దాకా లాగుతుంది. సీటులో గంట దాటితే ఓర్చుకోలేడు. ఎవరో చెప్పారని పక్కవాటుగా కలిస్తే, మర్నాడు మంచం దిగడమే కష్టమయింది. పక్కకు పడుకున్నప్పుడు మోకాళ్లు ముడుచుకుంటాయి, తుంటి ముందుకు తిరుగుతుంది, నడుము విల్లులా వంగుతుంది. అతనికి పడనిది సరిగ్గా ఆ వంపే. అతనికి సరిపడేది, భాగస్వామి అరచేతులు, మోకాళ్ల మీద ఆని ఉండగా, వెనుక మోకాళ్ల మీద నిలబడే భంగిమ. పైనుండే భంగిమ కావాలనుకుంటే మోచేతుల మీద ఆనకుండా, చేతులు చాచి అరచేతుల మీద బరువు మోయాలి. అప్పుడు నడుము సహజమైన వంపులో నిలుస్తుంది.

భంగిమ మార్చినంత మాత్రాన సరిపోదు. కదలిక నడుము నుంచి కాక తుంటి కీళ్ల నుంచి రావాలి. ఇది అలవాటు కావడానికి ఒక చీపురు కర్ర చాలు. నిలబడి కర్రను వీపు వెంట నిలువుగా పట్టుకుంటే అది తల వెనుక, వీపు మధ్య, పిరుదుల పై ఎముక దగ్గర, మూడు చోట్లా తగలాలి. మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులను వెనక్కి నెడుతూ ముందుకు వాలాలి. కర్ర ఏ ఒక్కచోట వీపును వదిలినా నడుము వంగిందని అర్థం. రోజూ పదిసార్లు చేస్తే తేడా ఒంటికి తెలుస్తుంది.

పరుపునూ గమనించాలి. నులక మంచమో, కుంగిన పరుపో అయితే నడుము గుంటలోకి దిగి వంగిపోతుంది. భాగస్వామి మంచం అంచున ఆని ఉంటే, పురుషుడు నేల మీద నిలబడి కలవవచ్చు. కానీ మంచం అతని తుంటి ఎత్తుకు బాగా తక్కువైతే అతను వంగక తప్పదు, భంగిమ వల్ల వచ్చే లాభమంతా పోతుంది.

వెనక్కి వాలితే నొప్పి వచ్చేవారికి పైన సూచించిన భంగిమలేవీ నప్పవు. పక్కవాటు భంగిమ పనికొచ్చేది వీరికే. లేదా వెల్లకిలా పడుకుని, మోకాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకుని, భాగస్వామి పైన ఉండేలా కలవవచ్చు. మోకాళ్లు అరిగినవారికి కూడా ఇదే హాయి, ఎందుకంటే మోకాళ్ల మీద బరువు పడదు. తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారు మాత్రం సర్జన్ అనుమతించేదాకా ఆగాలి. సాధారణంగా అది కొన్ని వారాల మాట. ఆపరేషన్ కీలు వెనుక నుంచి జరిగి ఉంటే, తొడను పొట్ట వైపు 90 డిగ్రీలకు మించి మడవకూడదు, కాలిని లోపలికి తిప్పకూడదు. అలా చేస్తే కొత్త కీలు జారిపోయే ప్రమాదం ఉంది.

వేళ కూడా ముఖ్యమే. రాత్రంతా పడుకున్నాక డిస్కులు నీరు పట్టి ఉబ్బి ఉంటాయి కనుక లేచిన తొలి గంటలో వంగడం వాటికి హాని. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారికి కూడా తెల్లవారుజామున కీళ్లు బిగుసుకుని ఉంటాయి. మధ్యాహ్నమో, అలసట కమ్మకముందు సాయంత్రమో, వేడినీళ్ల స్నానం తరువాత అయితే నొప్పి తక్కువ. వైద్యుడు రాసిన నొప్పి మాత్రను అరగంట, గంట ముందు వేసుకునేలా వేళ సర్దుకోవచ్చు.

మందుల వల్ల వచ్చే ఇబ్బందులు వేరే ఉన్నాయి. ట్రమడాల్, డులోక్సెటిన్ వంటివి కోరికనూ అంగస్తంభననూ తగ్గించవచ్చు. అది వయసు దోషమని సరిపెట్టుకోకుండా, మందు తానుగా మానేయకుండా, వైద్యుడితో చెప్పి మార్పించుకోవాలి. గుండెజబ్బుకు నైట్రేట్లు వాడేవారు అంగస్తంభన మాత్రలు వేసుకోకూడదు. రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణాపాయం కలిగేంతగా పడిపోవచ్చు.

కొత్త భంగిమ పనిచేస్తోందా లేదా అన్నది మర్నాటి ఉదయానికల్లా తెలుస్తుంది. కాలిలోని నొప్పి పైకి, నడుము వైపుకు కుంచించుకుంటే అది మంచి గుర్తు. పిక్కకో పాదానికో దిగజారితే ఆ భంగిమ వదిలేయాలి. తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరి, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా జారిపోవడం, కాళ్లలో బలం తగ్గడం, అంగస్తంభన హఠాత్తుగా పోవడం, నడుము నొప్పితో పాటు వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. నడుము కింది నరాల గుత్తి నలిగితే ఆపరేషన్ గంటల్లో జరగాలి, ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు.