డిజాక్సిన్

ఉన్ని ఫాక్స్‌గ్లోవ్ (డిజిటాలిస్ లనాటా) ఆకుల నుంచి తీసే గుండె మందు. గుండె కణపు పొరలోని సోడియం-పొటాషియం పంపు విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. డిజాక్సిన్ ఈ పంపుకు బయటివైపు అతుక్కుని దాన్ని అడ్డుకుంటుంది. లోపల సోడియం పెరగడంతో, దాని రాకపై ఆధారపడి బయటికి పోవలసిన కాల్షియం కొంత కణంలోనే నిలిచిపోతుంది. గుండె బలంగా ముడుచుకుంటుంది.

చిక్కంతా ఇక్కడే: మేలు చేసే కాల్షియమే మితిమీరితే లయ తప్పిస్తుంది. గుండె వైఫల్యంలో రక్తంలో మిల్లీలీటరుకు 0.5–0.9 నానోగ్రాముల డిజాక్సిన్ చాలు. 2 దాటితే విషలక్షణాల ముప్పు బాగా ఎక్కువ. పంపుపై మందు అతుక్కునే చోటికే పొటాషియం కూడా పోటీపడుతుంది. అందుకే ఫ్యూరోసెమైడ్ వాడే రోగిలో పొటాషియం తగ్గితే, మామూలు మోతాదే విషమవుతుంది. మూత్రపిండాలు మందగించినా మందు పేరుకుపోతుంది. వికారం, చూపు పసుపుపచ్చగా మారడం హెచ్చరికలు. ఒక్కోసారి అవేవీ లేకుండానే లయ తప్పుతుంది.