పల్లం, కలరా, మంచినీటి గొట్టం

1848-49లో లండన్ నగరంలో కలరా సుమారు 14,000 మందిని బలిగొన్నది. ఆ మరణాలను లెక్కగట్టిన విలియం ఫార్ వైద్యవిద్య అభ్యసించినవాడు, ప్రభుత్వ జనన మరణ నమోదు కార్యాలయంలో గణాంకవేత్త. నగరాన్ని థేమ్స్ నీటిమట్టం నుంచి ఇరవై అడుగుల మెట్లుగా విభజించి చూస్తే ఆయనకు ఒక క్రమం గోచరించింది. అట్టడుగు మెట్టులో పదివేల జనాభాకు 102 మంది మరణించారు. పైకి పోయేకొద్దీ ఆ సంఖ్య 65, 34, 27, 22, 17గా తగ్గింది. 102ను వరుసగా 2, 3, 4, 5, 6తో భాగించి చూడండి: 51, 34, 25.5, 20.4, 17. రెండవ మెట్టు తప్ప మిగిలినవన్నీ దాదాపు సరిపోతాయి.

నదీతీరపు కుళ్ళు నుంచి లేచే చెడుగాలి పల్లంలో దట్టంగా ఉండి కలరా తెస్తుందని ఆనాటి వైద్యుల నమ్మకం. ఫార్ లెక్క దానికి తిరుగులేని రుజువులా కనిపించింది.

అయితే పల్లంతో కలిసి మారేది గాలి ఒక్కటే కాదు. పల్లపు పేటలు చాలావరకు నగరపు మురుగు కలిసే థేమ్స్ నీటినే తాగేవి. గాలిదా, నీటిదా దోషం? ఫార్ పట్టిక ఎంత చక్కగా ఉన్నా ఈ రెండింటినీ విడదీయలేదు.

విడదీసే అవకాశం జాన్ స్నో అనే వైద్యునికి దొరికింది. దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు నీరు సరఫరా చేసేవి. 1852లో లాంబెత్ కంపెనీ మురుగు చేరని ఎగువ ప్రాంతానికి తన నీటి సేకరణను మార్చుకుంది. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మాత్రం పాతచోటనే తోడుతూ ఉండిపోయింది. అనేక వీధులలో ఒక ఇంటికి ఒకరి గొట్టం, పక్కింటికి మరొకరిది. అక్కడ ఎత్తూ గాలీ ఒకటే, నీరొక్కటే వేరు.

1854లో కలరా మళ్ళీ వచ్చినప్పుడు స్నో మరణించినవారి ఇళ్ళకు వెళ్ళి ఏ కంపెనీ నీరని విచారించాడు. ఇంటివారికి తెలియకపోతే నీటిలో సిల్వర్ నైట్రేట్ కలిపి ఉప్పు పాలు చూసేవాడు. సముద్రపు పోటు తగిలే దిగువ నీటిలో ఉప్పు చాలా ఎక్కువ. మొదటి ఏడు వారాలలో పదివేల ఇళ్ళకు సదర్క్ అండ్ వాక్స్‌హాల్ నీటితో 315 మంది, లాంబెత్ నీటితో 37 మంది మరణించారు.

ఇదీ సహసంబంధమే కదా అనవచ్చు. నిజమే. పైగా ఈ అంకెలు కలగలిసిన వీధులకే పరిమితం కాదు. రెండు కంపెనీల మొత్తం ఇళ్ళవి. అయినా ఫార్ పట్టికకు లేని బలం దీనికుంది: కలగలిసిన వీధులలో ఎవరి ఇంటికి ఏ నీరు వస్తుందో వారి ఎత్తూ స్తోమతూ నిర్ణయించలేదు.

అదే ఏడు కలరా లేని హాంప్‌స్టెడ్ గుట్ట మీద ఒక వితంతువు కలరాతో మరణించింది. రుచి బాగుంటుందని ఆమె దిగువనున్న బ్రాడ్ స్ట్రీట్ పంపు నీటిని రోజూ తెప్పించుకొని తాగేది. ఎత్తు ఆమెను కాపాడలేదు.

స్నో 1858లో కన్నుమూశాడు. 1866లో తూర్పు లండన్‌లో కలరా చెలరేగినప్పుడు మరణాల జాడను ఒక నీటి కంపెనీ దాకా తీసినవాడు ఫారే.